యూరప్‌లో ఉన్నవాళ్లకు వీడియో కోర్సు అమ్మితే వ్యాట్ ఏ దేశానిదో తేల్చుకోవడం ఎలా

మా మేనకోడలు రాజమండ్రిలో ఉంటుంది. వీణ పాఠాలు రికార్డు చేసి సొంత వెబ్‌సైట్‌లో అమ్ముతుంది. కోర్సు యాభై యూరోలు. కొనేవాళ్లలో ఎక్కువమంది జర్మనీ, ఐర్లండ్, నెదర్లాండ్స్‌లో ఉద్యోగాలు చేసుకుంటున్న మనవాళ్లే. ఒక రోజు ఫోన్ చేసి, "మామయ్యా, జర్మనీ నుంచి ఒకావిడ బిల్లు అడిగింది. అందులో వ్యాట్ ఎంతో చూపించమంటోంది. నేను గోదావరి ఒడ్డున కూర్చుని జర్మనీకి పన్ను కట్టడమేంటి?" అంది.

కట్టాలి. ఇంటర్నెట్‌లో మామూలు వినియోగదారుడికి అమ్మే సేవల విషయంలో యూరోపియన్ యూనియన్ చట్టం అమ్మేవాడు ఎక్కడున్నాడని చూడదు, కొన్నవాడు ఎక్కడ నివసిస్తున్నాడో చూస్తుంది. బయటి దేశాల అమ్మకందార్లకు 2003 జూలై 1 నుంచీ ఇదే పద్ధతి. యూరప్ లోపలి కంపెనీలకు కూడా 2015 జనవరి 1 నుంచి ఇదే వర్తించింది. కాబట్టి ఇది కొత్తగా వచ్చిపడ్డ తంటా కాదు, మనకు ఆలస్యంగా తెలిసిందంతే.

మీరూ ఇలాంటి అమ్మకమే చేస్తుంటే, మా అమ్మాయికి నేను ఏ వరసలో చేయించానో ఆ వరసలోనే చెబుతాను.

ముందుగా, మీరు అమ్మేది ఏమిటో తేల్చుకోండి

డబ్బు కట్టగానే లింకు దానంతటదే తెరుచుకుని, మీ చెయ్యి పడకుండానే పాఠం నడిచిపోతే అది ఎలక్ట్రానిక్ సేవ. రికార్డు చేసిన కోర్సు, ఈ-బుక్, యాప్, సబ్‌స్క్రిప్షన్ అన్నీ ఇందులోకే వస్తాయి. అదే విద్యార్థి తను వాయించిన వీడియో పంపితే మీరు విని, తప్పులు రాసి ఈ-మెయిల్ చేస్తున్నారనుకోండి, అది ఎలక్ట్రానిక్ సేవ కాదు. ఈ-మెయిల్‌లో పంపినంత మాత్రాన ఏదీ ఎలక్ట్రానిక్ సేవ అయిపోదని చట్టంలోనే ఉంది.

లైవ్ క్లాసుల సంగతి వేరు. టీచర్ ఆన్‌లైన్‌లో స్వయంగా చెప్పే పాఠాన్ని ఎలక్ట్రానిక్ సేవల జాబితాలోంచి తీసేశారు. అందుకే చాలామంది "లైవ్‌లో చెబుతున్నాం, మాకు వర్తించదు" అని ధీమాగా ఉండేవారు. 2025 జనవరి 1 నుంచి, ఆన్‌లైన్‌లో హాజరయ్యే విద్యా, సాంస్కృతిక కార్యక్రమాలకు కూడా వినియోగదారుడు ఉండే దేశమే లెక్క అని మార్చారు. ఆ ధీమా ఇక పనిచేయదు.

డబ్బు ఎవరి చేతిలో పడుతోందో చూడండి

మీ యాప్ గూగుల్ ప్లేలోనో ఆపిల్ యాప్ స్టోర్‌లోనో ఉంటే యూరప్ వినియోగదారుల వ్యాట్ ఆ స్టోరే వసూలు చేసి కడుతుంది. డబ్బు తీసుకోవడానికి అనుమతిచ్చేదీ, సరుకు అందించేదీ, షరతులు పెట్టేదీ తనే అయినప్పుడు ఆ వేదికనే అమ్మకందారుగా చట్టం లెక్కేస్తుంది. అలాంటి చోట మాత్రమే అమ్ముతున్నవాళ్లు నేరుగా చివర్లో ఉన్న ఇండియా భాగానికి వెళ్లిపోవచ్చు. సొంత వెబ్‌సైట్‌కి పేమెంట్ గేట్‌వే తగిలించుకున్నవాళ్లకు మాత్రం ఈ వెసులుబాటు లేదు. గేట్‌వే డబ్బు మోసే కూలీ మాత్రమే, అమ్మింది మీరే.

కొన్నది మనిషా, కంపెనీయా?

కొన్నవాళ్లు వ్యాట్ నంబరు ఇస్తే దాన్ని యూరోపియన్ కమిషన్ నడిపే VIES పేజీలో కొట్టి చూడండి. సరైనదని వస్తే ఆ పేజీని సేవ్ చేసుకోండి. అది వ్యాపారాల మధ్య అమ్మకం కాబట్టి పన్ను కట్టుకోవలసింది కొన్న కంపెనీయే. డిజిటల్ సేవల్లో నంబరు ఇవ్వనివాళ్లను వినియోగదారులుగానే తీసుకునే హక్కు మీకుంది. కొన్నాయన ఒక సంస్థకు యజమాని అని మీకు వేరేగా తెలిసినా సరే, నంబరు ఇవ్వకపోతే వినియోగదారుడే. అనుమానాలతో బుర్ర పాడు చేసుకోకండి.

రెండు ఆధారాలు, అమ్మిన రోజే

అసలు పని ఇక్కడుంది. కొన్నవాడు ఫలానా దేశంలో నివసిస్తున్నాడని చెప్పాలంటే ఒకదానితో ఒకటి పొసిగే రెండు ఆధారాలు మీ దగ్గర ఉండాలి. చట్టం ఒప్పుకునేవి ఇవీ: బిల్లింగ్ అడ్రసు, కొన్న ఫోను లేదా కంప్యూటరు ఐపీ అడ్రసు, డబ్బు కట్టిన బ్యాంకు లేదా కార్డు ఏ దేశానిది అన్నది, సిమ్‌లో ఉండే దేశం కోడు, ల్యాండ్‌లైన్ ఉన్న చోటు, ఇవి కాక వ్యాపారంలో సహజంగా దొరికే ఇతర సమాచారం. యూరప్ లోపల ఉన్న చిన్న వ్యాపారికి ఏడాది అమ్మకం లక్ష యూరోలు దాటనంతవరకు ఒక్క ఆధారం చాలు. మనం బయటివాళ్లం, మనకు రెండూ కావాలి.

వీటిలో ఐపీ అడ్రసు అమ్మకం జరిగిన క్షణంలో పట్టుకోకపోతే మళ్లీ దొరకదు. నేను ఇక్కడే బోల్తా పడ్డాను. మొదటి మూణ్నెల్లకి లెక్క కట్టేటప్పుడు సర్వర్ లాగ్‌లో చూసుకోవచ్చులే అనుకున్నాను. తీరా తెరిస్తే రెండు వారాల కంటే పాతవి చెరిగిపోయి ఉన్నాయి. దాంతో కొన్నవాళ్లందరికీ పేరుపేరునా మెయిల్ పెట్టించాల్సి వచ్చింది. మీకు ఆ తిప్పలు వద్దు. ఆర్డరు పడగానే ఇలాంటి ఒక వరస షీటులోకి దానంతటదే చేరేలా మీ వెబ్‌సైట్ చేసినతనితో పెట్టించుకోండి:

```
order_id,date,amount,currency,bill_country,ip_country,card_country,result
1042,2025-05-12,50.00,EUR,DE,DE,DE,DE
1043,2025-05-12,50.00,EUR,IE,GB,IE,IE
```

రెండో వరసలో ఐపీ బ్రిటన్ చూపిస్తోంది. కొన్నాయన లండన్‌కి పని మీద వెళ్లి అక్కడ హోటల్లో కూర్చుని కొని ఉంటాడు. పర్వాలేదు. అడ్రసు, కార్డు రెండూ ఐర్లండ్ అంటున్నాయి కాబట్టి ఐర్లండ్ ఖాయం. మూడో దాని గోల మనకక్కర్లేదు.

మూడూ మూడు దేశాలు చెబితే?

మా అమ్మాయికి ఇది నిజంగానే ఎదురైంది. గుంటూరు కుర్రాడు ఒకడు ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఎంఎస్ చదువుతున్నాడు. బిల్లింగ్ అడ్రసు ఫ్రాంక్‌ఫర్ట్ ఇచ్చాడు. కార్డు ఇండియా బ్యాంకుది, ఇంట్లోవాళ్లు ఇచ్చిందట. ఐపీ చూస్తే నెదర్లాండ్స్. వీపీఎన్ పెట్టుకున్నట్టున్నాడు. ఒక్కటీ ఇంకొకదానితో కలవదు.

ఇలాంటప్పుడు మీకు నచ్చిన దేశాన్ని ఎంచుకోకూడదు, నాలుగో ఆధారం వెతకాలి. ఆర్డరు ఫారంలో ఫోన్ నంబరు అడిగి, దానికి ఓటీపీ పంపి సరిచూస్తుంటే ఇక్కడ అక్కరకొస్తుంది. అతని నంబరు +49తో మొదలైంది, ఓటీపీ కూడా ఆ నంబరుకే వెళ్లింది. అడ్రసు జర్మనీ, నంబరు జర్మనీ. దీన్ని "ఇతర సమాచారం" కింద రాసుకుని జర్మనీ అని తేల్చాం.

"వాడి ఆధార్ గుంటూరుదే కదా, సొంతూరు అదే కదా" అని ఆ అమ్మాయి అడిగింది. మనిషికి శాశ్వత చిరునామా ఒక చోట, మామూలుగా ఉండే చోటు మరొకటి అయితే, మామూలుగా ఉండే చోటికే నియమాలు ముందు పీట వేస్తాయి. శాశ్వత చిరునామా దగ్గరే ఆ సేవను వాడుతున్నాడని ఆధారం ఉంటే తప్ప అది మారదు. రెండేళ్లుగా ఫ్రాంక్‌ఫర్ట్‌లో గది తీసుకుని ఉంటున్నవాడు ఈ లెక్కలో జర్మనీవాడే. సెలవుల్లో నెల రోజులు గుంటూరు వచ్చి ఆ కోర్సు ఇక్కడ చూసినా జర్మనీ జర్మనీయే.

నాలుగోదీ దొరక్కపోతే? కొన్నవాళ్లకే ఒక మెయిల్ పెట్టి, ఏ దేశంలో ఉంటున్నారో రాతపూర్వకంగా చెప్పమనండి. ఆ జవాబును ఆర్డరు నంబరుతో కలిపి దాచండి. నూటికి ఒకటో రెండో ఇలా తగులుతాయి. అంతకంటే ఎక్కువైతే మీ ఆర్డరు ఫారంలో దేశం గడి సరిగ్గా అడగడం లేదని అర్థం.

మన దేశం కూడా ఇదే తర్కం వాడుతుంది. విదేశీ కంపెనీ మన ఇంట్లోవాళ్లకు సినిమాల సబ్‌స్క్రిప్షన్ అమ్మితే, కొన్నవాడు ఇండియాలో ఉన్నట్టు లెక్కేయడానికి, రాష్ట్రాల మధ్యా విదేశాలతోనూ జరిగే అమ్మకాలను చూసే ఐజీఎస్‌టీ చట్టం సెక్షన్ 13(12) ఏడు గుర్తులు చెబుతుంది. వాటిలో ఏ రెండు కుదిరినా చాలు. ఆ గుర్తులు ఇవే: అడ్రసు, కార్డు, ఐపీ, బ్యాంకు, సిమ్ వగైరా. మనం వాళ్లని అడిగేదే వాళ్లు మనల్ని అడుగుతున్నారు.

ధరలోంచి పన్ను విడదీయడం

వినియోగదారుడికి చూపించే ధరలో వ్యాట్ కలిసే ఉండాలి. యాభై యూరోలంటే యాభైయే కట్టించుకుని అందులోంచి పన్ను తీయాలి. చాలామంది చేసే తప్పు యాభైకి 19 శాతం లెక్కగట్టి తొమ్మిదిన్నర యూరోలు కట్టేయడం. సరైన లెక్క ఇది:

```
VAT = ధర × రేటు / (100 + రేటు)
```

జర్మనీ 19 శాతం కాబట్టి యాభైలో 7.98 యూరోలు వ్యాట్. నెదర్లాండ్స్ 21 శాతం, 8.68. ఐర్లండ్ 23 శాతం, 9.35. అదే హంగరీ అయితే 27 శాతం. అంటే అందరికీ ఒకే ధర పెడితే కొన్నవాడి దేశాన్ని బట్టి మీకు మిగిలేది మారుతుంది. దేశానికో ధర పెట్టుకోవచ్చు కానీ, చిన్న అమ్మకాలకు ఆ యాతన అనవసరమని నా అభిప్రాయం. రేట్లు మాత్రం ప్రతి మూణ్నెల్లకోసారి చూసుకోండి. ఫిన్లండ్ 2024 సెప్టెంబరులో 24 నుంచి 25.5కి పెంచింది. పాత షీటుతో నడిపిస్తే ఆ తేడా మీ జేబులోంచే పోతుంది. ఈ-బుక్‌లకు చాలా దేశాల్లో తక్కువ రేటు ఉంటుంది. జర్మనీలో 7 శాతమే. వీడియో కోర్సుతో పాటు పుస్తకం కూడా విడిగా అమ్మేవాళ్లు రెంటినీ ఒకే రేటుకి కట్టకండి.

ఒక్క దేశంలో రిజిస్ట్రేషన్ చాలు

జర్మనీకి ఒకటి, ఐర్లండ్‌కి ఒకటి అని ఇరవై ఏడు దేశాల్లో రిజిస్టర్ కానక్కర్లేదు. వన్ స్టాప్ షాప్ అనే ఏర్పాటు ఉంది. అందులో మనలాంటి బయటివాళ్ల కోసం నాన్ యూనియన్ స్కీమ్ అని ఒక విభాగం ఉంది. మీకు నచ్చిన ఒక సభ్యదేశంలో నమోదైతే మిగతా దేశాల వాటా వాళ్లే పంచుతారు. వ్యవహారమంతా ఇంగ్లీషులో నడుస్తుందని మేం ఐర్లండ్ ఎంచుకున్నాం. అడిగేవి పెద్దగా ఏమీ లేవు: పేరు, పోస్టల్ అడ్రసు, మెయిల్, వెబ్‌సైట్, ఇక్కడి పన్ను నంబరు, యూరోపియన్ యూనియన్‌లో మీకు ఆఫీసు గానీ స్థిరమైన వ్యాపార స్థలం గానీ లేదన్న ప్రకటన. ఆమోదం వచ్చాక EUతో మొదలయ్యే నంబరు ఇస్తారు. ఐర్లండ్ ఇచ్చినదైతే EU372 అని మొదలవుతుంది.

ఇక్కడ రెండు విషయాలు జాగ్రత్తగా చూడాలి. ఇంటర్నెట్‌లో వెతికితే "పది వేల యూరోల దాకా పర్వాలేదు" అని చాలా చోట్ల కనిపిస్తుంది. ఆ మినహాయింపు యూరప్‌లోని ఒకే సభ్యదేశంలో స్థిరపడిన వ్యాపారికి మాత్రమే. మనకు మొదటి యూరో నుంచే పన్ను. రెండోది తేదీ. మామూలుగా మీ నమోదు తర్వాతి త్రైమాసికం మొదటి రోజు నుంచి అమల్లోకి వస్తుంది. ఈలోపే అమ్మకం జరిగిపోతే, మొదటి అమ్మకం జరిగిన మరుసటి నెల 10వ తేదీలోపు తెలియజేస్తే ఆ అమ్మకం నుంచే లెక్కలోకి తీసుకుంటారు. అంటే మే 12న మొదటి కోర్సు అమ్ముడైతే జూన్ 10 ఆఖరి తేదీ. అది దాటితే మధ్యలో జరిగిన అమ్మకాలకు ఆయా దేశాల్లో విడివిడిగా తిప్పలు పడాలి.

మూణ్నెల్ల రిటర్ను

ఏప్రిల్ నుంచి జూన్ వరకు మా అమ్మాయి అమ్మకాలు ఇలా ఉన్నాయనుకోండి: జర్మనీకి ఆరు, నెదర్లాండ్స్‌కి మూడు, ఐర్లండ్‌కి రెండు. ఫ్రాంక్‌ఫర్ట్ కుర్రాడు ఆ ఆరుగురిలో ఉన్నాడు. జర్మనీ వసూలు 300 యూరోలు, అందులో వ్యాట్ 47.90. నెదర్లాండ్స్ 150లో 26.03. ఐర్లండ్ 100లో 18.70. మొత్తం 92.63 యూరోలు. రిటర్నులో దేశానికో వరస ఉంటుంది. అందులో రేటు, పన్ను తీసేసిన విలువ, పన్ను రాయాలి. సెంట్లను యూరోల్లోకి సర్దేయకూడదు, ఉన్నది ఉన్నట్టు రాయాలి. వేరే కరెన్సీలో వచ్చిన డబ్బుంటే త్రైమాసికం చివరి రోజు యూరోపియన్ సెంట్రల్ బ్యాంకు ప్రకటించిన రేటుతో యూరోల్లోకి మార్చాలి. మీ బ్యాంకు వేసిన రేటు పనికిరాదు.

ఈ రిటర్నుకీ డబ్బుకీ గడువు ఒక్కటే, జూలై 31. తర్వాతవి అక్టోబరు 31, జనవరి 31, ఏప్రిల్ 30. ఆ రోజు ఆదివారమైనా గడువు జరగదు. అమ్మకం ఒక్కటీ లేకపోయినా సున్నా రిటర్ను వేయాలి. వరసగా మానేస్తే స్కీమ్‌లోంచి తీసేస్తారు, రెండేళ్లు మళ్లీ రానివ్వరు. ఎవరికైనా డబ్బు వాపసు ఇస్తే తర్వాతి రిటర్నులో పాత త్రైమాసికాన్ని సరిచేసుకోవచ్చు. మూడేళ్ల దాకా అవకాశం ఉంది.

డబ్బు పంపేటప్పుడు ఒక చిన్న మెలిక. మధ్యలో బ్యాంకులు చార్జీలు కోసుకుంటే అక్కడికి 92.63 బదులు ఎనభై చిల్లర చేరుతుంది. అది తక్కువ కట్టినట్టే లెక్క. రెమిటెన్స్ ఫారంలో చార్జీల దగ్గర, అన్నీ మనమే భరిస్తామని చెప్పే OUR ఎంచుకుని, రిటర్నుకి ఇచ్చిన రిఫరెన్స్ నంబరు తప్పకుండా రాయండి. వారం ముందే పంపితే టెన్షన్ ఉండదు.

బ్రిటన్ ఇందులో లేదు. 2021 జనవరి 1 నుంచి అది పూర్తిగా వేరు. అక్కడి వినియోగదారుడికి అమ్మితే 20 శాతం వ్యాట్, విడి రిజిస్ట్రేషన్, అది కూడా మొదటి పౌండు నుంచే. 90 వేల పౌండ్ల పరిమితి అక్కడ స్థిరపడినవాళ్లకే. నెలకు ఒకరిద్దరు మాత్రమే లండన్ నుంచి కొంటుంటే, వాళ్ల కోసం పన్ను బాధ్యత తనే తీసుకునే వేదిక మీద అమ్మడం తేలిక.

ఇప్పుడు ఇండియా వైపు

మన చట్టంలో కొన్నవాడు బయట ఉంటే, రికార్డు కోర్సులాంటి ఎలక్ట్రానిక్ సేవలకు ఐజీఎస్‌టీ చట్టం సెక్షన్ 13(12) ప్రకారం సేవ అందిన చోటు కొన్నవాడి చోటే. అంటే మన దగ్గర అది ఎగుమతి. జీఎస్‌టీ నమోదు ఉంటే GST RFD-11 ఫారంలో ఎల్‌యూటీ అనే హామీ పత్రం వేసి పన్ను లేకుండా పంపవచ్చు. ఎల్‌యూటీ ఆర్థిక సంవత్సరానికే పనిచేస్తుంది, ఏప్రిల్‌లో మళ్లీ వేయాలి. సేవల అమ్మకం ఏడాదికి 20 లక్షలు దాటనివాళ్లకు ఈ నమోదే అవసరం లేదు. అయితే ఆ 20 లక్షల మినహాయింపు యూరప్‌లో చెల్లదు.

మెయిల్‌లో తప్పులు దిద్ది పంపడం లాంటి, ఎలక్ట్రానిక్ కాని సేవలకు వర్తించే సెక్షన్ 13(2)లో ఒక మెలిక ఉంది. కొన్నవాడి చోటు వ్యాపారంలో మామూలుగా మీకు తెలియకపోతే, అమ్మినవాడి చోటే లెక్క. అంటే అలాంటి అమ్మకాలకు ఆ షీటు మీ దగ్గర లేకపోతే రాజమండ్రిలో అమ్మినట్టే, జీఎస్‌టీ నమోదు ఉంటే 18 శాతం కట్టాలి.

మళ్లీ ఫ్రాంక్‌ఫర్ట్ కుర్రాడి దగ్గరికి వద్దాం. వాడు ఇండియా కార్డుతో కట్టాడు, మా అమ్మాయి ఖాతాలో రూపాయలు పడ్డాయి. ఎగుమతి అనిపించుకోవాలంటే డబ్బు విదేశీ మారకంలో రావాలి. రిజర్వు బ్యాంకు అనుమతించిన సందర్భాల్లోనే రూపాయల్లో రావచ్చు. ఇక్కడ సేవ అందిన చోటు జర్మనీయే, కానీ ఎగుమతి షరతు తప్పింది. జీఎస్‌టీ నమోదు ఉన్నవాళ్లకైతే ఇది ఐజీఎస్‌టీ కట్టాల్సిన అమ్మకం అవుతుంది. పైగా జర్మనీ వ్యాట్ ఎలాగూ ఉంది. ఒకే యాభై యూరోల మీద రెండు పన్నులన్నమాట.

దీనికి మందు ఆర్డరు పేజీలోనే ఉంది. బిల్లింగ్ దేశం ఇండియా కాకపోతే యూపీఐ, ఇండియా కార్డులు కనిపించకుండా చేయమని చెప్పండి. మా అమ్మాయి ఆ మార్పు చేయించిన తర్వాత ఆ కుర్రాడు రెండో కోర్సు జర్మనీ బ్యాంకు కార్డుతో కొన్నాడు. ఈసారి షీటులో మూడు గడుల్లో రెండు DE అని వచ్చాయి, ఫోన్ నంబరు చూడాల్సిన పనే పడలేదు. ఈ షీటును మాత్రం అమ్మిన ఏడాది ముగిసినప్పటి నుంచి పదేళ్లు దాచాలి. వెబ్‌సైట్ కంపెనీ మారినా, కోర్సు అమ్మడం మానేసినా సరే.